గౌరవం వేరు, దూరం వేరు

చీమకుర్తి చుట్టుపక్కల కొండల్లో నల్లరాయి దొరుకుతుంది. నలుపు మీద బంగారు చుక్కలు మెరుస్తుంటాయి కనుక దానికి వ్యాపారంలో గెలాక్సీ అని పేరు. ఆ రాయిని పలకలుగా కోసి, నునుపు పట్టించి విదేశాలకు పంపే కంపెనీలు ఒంగోలు చుట్టూ చాలానే ఉన్నాయి. అలాంటి ఒక ఆఫీసులో ఉత్తర ప్రత్యుత్తరాలు చూడటం నా పని. రాయి గురించి నాకు తెలిసింది కొంచెమే. రాయిని కొనేవాళ్ళకు ఏ మాట ఎలా తగులుతుందన్నది మాత్రం రోజూ ఆలోచించక తప్పదు.

ఒకసారి పలకలు కోసే పెద్ద రంపం చెడిపోయింది. బాగు చేయించి, ఆగిపోయిన పని పూర్తి చేసేసరికి సరుకు రెండు వారాలు ఆలస్యమవుతుందని తేలింది. ఆ కబురు ముగ్గురికి చెప్పాలి: అమెరికాలో వంటగది గట్లకు పలకలు అమ్ముకునే ఒక చిన్న వ్యాపారి, జర్మనీలో ఒక కంపెనీ కొనుగోళ్ళ అధికారి, జపాన్‌లో సమాధి రాళ్ళు చెక్కించే ఒక సంస్థ. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఒకే ఉత్తరం రాసి, పేర్లు మాత్రం మార్చి మూడు ప్రతులు నా ముందు పెట్టాడు. మొదట 'రెస్పెక్టెడ్ సర్', తరువాత 'విత్ రిఫరెన్స్ టు ది అబవ్', చివర 'కైండ్లీ బేర్ విత్ అజ్'. వ్యాకరణంలో దోషం లేదు. "విషయం ముగ్గురికీ ఒకటే కదా మేడమ్" అన్నాడు. అతని ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం ఒక్క మాటలో చెప్పగలిగింది కాదు.

మనవాళ్ళకు ఉత్తరంలో మర్యాద తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన పాత కార్డుల్లో మొదటి పంక్తే బంధుత్వం మొత్తం చెప్పేసేది. పెద్దలకైతే మహారాజశ్రీ అని మొదలుపెట్టి పేరు చివర గారు చేర్చి, నమస్కరించి వ్రాయునది అనేవారు. చిన్నవాళ్ళకైతే చిరంజీవి, ఆశీర్వదించి వ్రాయునది. ఆడపిల్లకు చి.ల.సౌ. అని మూడు పొడి అక్షరాలు. ఆ తరువాత ఉభయకుశలోపరి. ఏ బంధువుకు ఏ పలకరింపు అన్న పట్టిక ప్రతి ఇంటి పెద్దకూ నోటికి వచ్చు. చదువుకోని అత్తయ్య కూడా ఉత్తరం రాయించేటప్పుడు, రాసేవాడు వరస తప్పితే పట్టుకునేది. ఇంగ్లీషు మన చేతికి వచ్చింది మాత్రం అర్జీల దారిలో. కలెక్టరు కచేరీకి, బడి పెద్దకు, బ్యాంకు మేనేజరుకు రాసే అర్జీ భాషే మనకు ఉత్తరం భాష అయింది. ఆ అబ్బాయి అమెరికా వ్యాపారికి రాసినది కూడా నిజానికి అర్జీయే.

అర్జీలో ఇద్దరి మధ్య రెండు రకాల ఎడం కలిసిపోయి ఉంటాయి. ఒకటి గౌరవం, రెండోది దూరం. తెలుగులో ఈ రెండూ విడివిడిగా ఉండగలవు. కన్నతండ్రిని నాన్నగారూ అని పిలిచి, మీరు అంటూనే, ఆయన పక్కన కూర్చుని అన్నీ చెప్పుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అక్కడ గౌరవం నిండుగా ఉంది, దూరం లేదు. ఇంకో ఇంట్లో తండ్రిని నువ్వు అంటారు, గౌరవానికి లోటేమీ ఉండదు. తెలంగాణ ఊళ్ళలో పెద్దవాళ్ళ గురించి చెప్పేటప్పుడు 'మా నాయన వచ్చిండు' అనడం మామూలు. కోస్తా చెవికి అది మర్యాద తగ్గినట్టు వినిపిస్తే తప్పు ఆ చెవిదే. అక్కడ గౌరవం క్రియ చివర కాక వేరే చోట్ల, గొంతులో, వరస పెట్టి పిలిచే పిలుపులో ఉంటుంది. ఉత్తరం ఎవరికి రాస్తున్నా నేను వేసుకునే ప్రశ్న అందుకే రెండు ముక్కలుగా ఉంటుంది. ఈ మనిషికి గౌరవం ఏ గుర్తుల్లో కనిపిస్తుంది? ఈ మనిషికి దూరం ఏ గుర్తుల్లో కనిపిస్తుంది? అమెరికా వ్యాపారికి దూరం తగ్గించడమే గౌరవం. జపాన్ సంస్థకు దూరాన్ని సరిగ్గా పాటించడమే గౌరవం.

పిలుపుతో మొదలుపెడతాను, ఎందుకంటే చదివేవాళ్ళ కన్ను ముందు పడేది అక్కడే. తెలుగులో ఒక మనిషిని సొంత పేరుతోనే పిలుస్తాం, పక్కన గారు పెడతాం. ఇంటిపేరు పెట్టి పిలవడం పెద్ద కవులకో, రాజకీయ నాయకులకో, పనిచేసే చోట ఒకే పేరు వాళ్ళు ఇద్దరున్నప్పుడో తప్ప అరుదు. అందువల్ల మనకు సొంత పేరు పలకడంలో చనువు ఏమీ లేదు, గారు తీసేస్తేనే చనువు. ఇంగ్లీషు వాళ్ళ పద్ధతి దీనికి అడ్డం తిరిగి ఉంటుంది. మిస్టర్ అన్నది ఇంటిపేరుకే అతుకుతుంది. సొంత పేరు ఒంటరిగానే వస్తుంది, దానికి తగిలించడానికి గౌరవ ప్రత్యయం లేదు. మనవాళ్ళు మిస్టర్ పక్కన సొంత పేరు పెట్టి రాసేది, గారు స్థానంలో ఏదో ఒకటి ఉండాలని మనసు కోరుకోవడం వల్లే. చదివే అమెరికన్‌కు అది మర్యాదగానూ అనిపించదు, చనువుగానూ అనిపించదు.

అమెరికా వ్యాపారి తన ఉత్తరాల చివర సొంత పేరు ఒక్కటే రాస్తాడు. ఆ సంతకమే మనకు అనుమతి పత్రం. మనిషి తన పేరు ఎలా రాసుకున్నాడో అలా పిలవడం కన్నా భద్రమైన నియమం నాకు ఇంతవరకూ కనబడలేదు. అతను సొంత పేరుతో సంతకం చేశాక కూడా మనం 'రెస్పెక్టెడ్ సర్' అంటే, అతను చాచిన చేతిని మనం అందుకోనట్టు. పైగా సరుకు ఆలస్యమైన ఉత్తరంలో హఠాత్తుగా అంత లాంఛనం కనబడితే, ఏదో దాస్తున్నారన్న అనుమానం పుడుతుంది. ఒకరికొకరు పేర్లతో రాసుకుంటున్న ఇద్దరి మధ్య సర్ అన్న పిలుపు వచ్చిందంటే, దాని వెనక లాయరు ఉన్నాడేమో అనుకునే దేశం అది.

జర్మన్ అధికారి సంతకంలో పేరుకు ముందు డాక్టర్ అని ఉంది. దాన్ని వదిలేయకూడదు. జర్మన్‌లో రాసుకుంటే వాళ్ళలో వాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా ఇంటిపేరుతో, మీరు లాంటి మాటతో పిలుచుకోవడం ఇప్పటికీ ఎన్నో చోట్ల ఉంది. నువ్వు లాంటి మాటకు దిగుదామని అడగాల్సింది వయసులోనో హోదాలోనో పెద్దవారే, చిన్నవాళ్ళు తొందరపడకూడదు. ఇక్కడ ఒక చిత్రం చూశాను. అదే జర్మన్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు సొంత పేర్లకు వచ్చేస్తారు, ఎందుకంటే ఇంగ్లీషులో అందరికీ ఒకే యూ. అదే మనిషితో జర్మన్‌లో మాట్లాడితే మళ్ళీ ఇంటిపేరే. కనుక అతను ఇంగ్లీషులో చూపిన చనువు ఆ భాష గుమ్మం దాకానే. ఈ అధికారి ఇంకా ఇంగ్లీషులో కూడా సొంత పేరుకు దిగలేదు, అందుకని డియర్ పక్కన డాక్టర్, దాని పక్కన ఇంటిపేరు.

జపాన్ ఉత్తరంలో మొదటి చిక్కు ఏది ఇంటిపేరో తెలియడం. వాళ్ళ భాషలో ఇంటిపేరు ముందు వస్తుంది, మన తెలుగు పేర్లలాగే. ఇంగ్లీషులో రాసేటప్పుడు కొందరు తిప్పి రాస్తారు, కొందరు తిప్పరు. చాలామంది ఇంటిపేరును పెద్ద అక్షరాల్లో రాసి మనకు దారి చూపిస్తారు. దానికి సాన్ చేరిస్తే పిలుపు సరిపోతుంది. ముందు మిస్టర్, వెనక సాన్ రెండూ అక్కర్లేదు. రెండో చిక్కు మనకు మరింత కష్టం. మా కుర్రవాడు 'మా ఎం.డి. గారు స్వయంగా పర్యవేక్షిస్తున్నారు' అన్న భావం వచ్చేలా తన యజమానికి గౌరవం జోడించి రాశాడు. జపాన్ పద్ధతిలో బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు సొంత సంస్థ వాళ్ళకు, పై అధికారికైనా సరే, గౌరవ ప్రత్యయం తగిలించరు. మనవాళ్ళను తగ్గించడమే ఎదుటివాళ్ళను పెంచడం. మనకేమో పెద్దాయన పేరు పక్కన గారు లేకపోతే చెయ్యి రాదు. వాళ్ళ ఎదుట ఉత్త పేరు, ఉత్త హోదా రాయాలని చెబితే ఆ అబ్బాయి చాలాసేపు ఒప్పుకోలేదు. అతని ఇబ్బంది నాకు అర్థమైంది, అది సంస్కారం నుంచి వచ్చిన ఇబ్బందే.

ఇదే సమస్య మనవైపు కూడా ఉంది. మనవాళ్ళ పేర్లు రెండు మూడు ముక్కలుగా ఉంటాయి, ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. అవతలివాళ్ళు మొదటి ముక్క పట్టుకుని డియర్ వెంకట అని రాస్తారు. సగం పేరుతో పిలిస్తే మనకు నొప్పిగా ఉంటుంది, వాళ్ళకు ఆ సంగతి తెలిసే వీలు లేదు. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసా మీద ఎఫ్.ఎన్.యు., అంటే సొంత పేరు తెలియదు అన్న అర్థం వచ్చే మూడు అక్షరాలు, పేరు స్థానంలో అచ్చయి వచ్చినవాళ్ళు ఉన్నారు. మా ఆఫీసులో అందుకే ఒక అలవాటు పెట్టాను. ఉత్తరం చివర పూర్తి పేరు ఉంటుంది, దానికి పైన మనల్ని ఏమని పిలవాలో ఆ ఒక్క పేరు ఉంటుంది. ఎదుటివాళ్ళ సంతకం చదివి మనం నేర్చుకుంటున్నప్పుడు, మన సంతకం కూడా వాళ్ళకు చదవడానికి వీలుగా ఉండాలి కదా.

ఇక కుదింపులు. ఇంగ్లీషులో డు నాట్ అని విప్పి రాస్తే లాంఛనం, డోంట్ అని కుదిస్తే మాట్లాడుతున్నట్టు. బడిలో మనకు చెప్పింది ఒక్కటే: ఉత్తరాల్లో కుదించకూడదు. అమెరికా వ్యాపారికి పేజీ అంతా విప్పి రాస్తే, అతను దాన్ని బిగదీసుకుని మాట్లాడే మనిషి గొంతుగా వింటాడు. అతనికి ఐ యామ్ బదులు ఐమ్, వుయ్ హావ్ బదులు వీవ్ అని రాయడంలో తప్పు లేదు, రాయాలి కూడా. జర్మనీకి, జపాన్‌కు విప్పే రాస్తాను. అది లాంఛనం కోసం మాత్రమే కాదు. ఇంగ్లీషు సొంత భాష కానివాళ్ళకు కుదించిన మాట, అందులోనూ కాదు అనే అర్థం ఉన్న మాట, కంటికి జారిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటుకు రాసేవాళ్ళకు ఇచ్చిన శైలి సూచనల్లో ఈ సంగతి ఉంది: మామూలు కుదింపులు వాడుకోండి కానీ కాంట్, డోంట్ లాంటి వ్యతిరేకార్థపు కుదింపులు వద్దు, చాలామందికి అవి చదవడం కష్టం, తిరగబడిన అర్థం తీసుకునేవాళ్ళూ ఉన్నారు అని. సొంత దేశంలో, సొంత భాషలోనే ఆ జాగ్రత్త పడ్డారు.

నేను దానికి ఇంకొకటి చేర్చుకున్నాను. ఉత్తరం ఎంత చనువుగా ఉన్నా, మాట ఇచ్చే వాక్యాన్నీ కాదని చెప్పే వాక్యాన్నీ కుదించను. 'పన్నెండో తేదీకి ముందు సరుకు ఓడ ఎక్కదు' అన్న వాక్యంలో వోంట్ అని ఉండదు, విల్ నాట్ అని ఉంటుంది. చుట్టూ ఉన్న వాక్యాలన్నీ వదులుగా ఉండి ఆ ఒక్కటీ విప్పి ఉంటే, దాని బరువు చదివేవాళ్ళకు తెలుస్తుంది.

తెలుగులో ఈ కుదింపుల కథ నాకెంతో ఇష్టం, ఎందుకంటే అది ఒకప్పుడు పూర్తిగా ఎదురు దిక్కున నడిచింది. గ్రాంథిక భాషలో మాటలు కలపడమే మర్యాద, విడదీయడమే దోషం. రాముడు ఇట్లు అనెను అని విడివిడిగా రాస్తే పండితుడు మొహం చిట్లించేవాడు, రాముడిట్లనెను అనాలి. ఉకారం మీద అచ్చు పడితే సంధి తప్పదని చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళందరికీ వచ్చు. అంటే మన పాత పద్ధతిలో కలిపి కుదించినదే లాంఛనం, విప్పినది వాడుక. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940), ఆయన వెంట నడిచినవాళ్ళు వాడుక భాష కోసం పోరాడినప్పుడు, మాటను చదువరి కన్ను గుర్తుపట్టేలా రాయడం కూడా ఆ పోరాటంలో భాగమే. ఈ రోజు మన కుదింపు వేరే చోటికి మారింది. పంపుతాను అన్న మాటలో చివరి అక్షరం వదిలేసి పంపుతా అంటే చనువు వచ్చింది. పంపుతాం అన్నది పత్రికల్లో కూడా మామూలైపోయింది, పంపుతాము అంటే ఒక మెట్టు పైన, పంపగలము అంటే కచేరీ గుమ్మం ఎక్కినట్టు. ఒక అక్షరం ఉండటం, లేకపోవడం మీద ఇన్ని మెట్లున్నాయి. ఫోన్‌లో పెద్దవాళ్ళకు 'రేపు వస్తా' అని పెట్టే పిల్లలకు ఆ అక్షరం బరువు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కచేరీ తెలుగు సంగతి వచ్చింది కనుక ఒక మాట. 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' అన్న వాక్యంలో మనిషి లేడు. ఎవరు తెలియజేశారు? ఎవరూ కాదు, అది తనంతట తాను తెలియజేయబడింది. దీన్ని మనం గౌరవంగా రాయడం అనుకుంటున్నాం. నా దృష్టిలో ఇందులో గౌరవం ఇసుమంత కూడా లేదు, ఉన్నదంతా దూరమే. మా అబ్బాయి ఉత్తరంలో 'ఆలస్యం జరిగినందుకు విచారించడమైనది' అన్న ధోరణి ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉంది. మూడు దేశాలకూ అది కొట్టేశాను. రంపం మాది, ఆలస్యం మాది, విచారం మాది. ఆ మాట మేము అని మొదలుకావాలి. లాంఛనం ఎంత పెంచినా సరే, మనిషిని వాక్యంలోంచి తీసేయకూడదు.

ఆశ్చర్యార్థకం గుర్తు చూడటానికి చిన్నది, దేశం దాటితే దాని అర్థం పూర్తిగా మారిపోతుంది. రష్యన్‌లో అధికారిక ఉత్తరం గౌరవనీయులైన అన్న మాటతో, సొంత పేరు, దాని పక్కన తండ్రి పేరు నుంచి వచ్చిన పేరుతో మొదలై, ఆశ్చర్యార్థకంతో ముగుస్తుంది. అక్కడ అది పద్ధతి, ఉత్సాహం కాదు. జర్మన్‌లో కూడా పిలుపు తరువాత ఈ గుర్తు పెట్టడం ఒకప్పటి ఆనవాయితీ. ఇప్పుడు ఎక్కువగా కామా పెడతారు, గుర్తు పెడితే పాతకాలం వాసన. మన అచ్చు పుస్తకాల్లో సంబోధనకు ఇదే గుర్తు: రామా, మిత్రమా, ఓ దేవా అన్న పిలుపుల పక్కన అది నిలబడి ఉంటుంది. పిలిచినప్పుడు గొంతు సాగే ఆ సాగుదలకు గుర్తు అది. అందుకే మనవాళ్ళు ఇంగ్లీషు ఉత్తరంలో కూడా పిలుపు పక్కన దాన్ని పెట్టేస్తారు. బ్రిటిష్ వ్యాపారి దాన్ని చూస్తే, ఈయన నామీద అరుస్తున్నాడా అనుకుంటాడు.

అమెరికాలో మాత్రం ఈ గుర్తు ఇప్పుడు ఒక కొత్త పని చేస్తోంది. థ్యాంక్స్ అని రాసి చుక్క పెడితే చిరాకు, ఆశ్చర్యార్థకం పెడితే మామూలు మర్యాద. చుక్కకు ఆ చేదు ఎలా వచ్చిందో ఒక పరిశోధన కొంత చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు విద్యార్థులకు చిన్న చిన్న సంభాషణలు చూపించారు, కొన్ని ఫోన్ సందేశాలుగా, కొన్ని చేతిరాత చీటీలుగా. ఒక్క మాట జవాబు చివర చుక్క ఉంటే, ఫోన్ సందేశంలో అది తక్కువ చిత్తశుద్ధిగా అనిపించింది. అదే చుక్క చేతిరాత చీటీలో ఏ తేడా తేలేదు. గుర్తు ఒకటే, కానీ రాసిన చోటును బట్టి దాని అర్థం మారింది.

కనుక అమెరికా వ్యాపారికి ఆశ్చర్యార్థకం వాడతానా అంటే, మంచి కబురైతే ఒకటి వాడతాను, చివరి కృతజ్ఞత దగ్గర. ఆలస్యం చెప్పే ఉత్తరంలో ఒక్కటీ పెట్టను. డబ్బు నష్టపోబోతున్న మనిషి ముందు ఉత్సాహం చూపినట్టు ఉంటుంది. ఆ చోట వెచ్చదనం గుర్తులోంచి రాకూడదు, పనిలోంచి రావాలి: ఆగిపోయిన పలకల్లో అతనికి అన్నిటికన్నా ముందు ఏవి కావాలో అడిగి, వాటిని వేరే రంపం మీద కోయించి పంపుతామనడం లాంటివి. నిజానికి ఆ ఉత్తరంలో అతను రెండుసార్లు చదివింది ఆ వాక్యమే అని తరువాత అతని జవాబు చూస్తే తెలిసింది.

చివరికి మూడు ఉత్తరాలు ఇలా తయారయ్యాయి. అమెరికా ఉత్తరం సొంత పేరుతో మొదలై, మొదటి వాక్యంలోనే ఆలస్యం సంగతి చెప్పింది. కారణం ఒక్క వాక్యం, తేదీ ఒక వాక్యం, అతనికి మేము చేయగలిగింది రెండు వాక్యాలు. అది అయిదు నిమిషాల్లో చదివి ఫోన్ చేసేవాడి కోసం రాసినది. జర్మన్ ఉత్తరంలో ఇంటిపేరు, ఒప్పందం సంఖ్య, ఏ కంటైనర్ ఏ తేదీకి అన్నది వివరంగా, క్షమాపణ ఒకే ఒక్కసారి. ఆయనకు క్షమాపణ మూడుసార్లు చెబితే పని మీద నమ్మకం తగ్గుతుంది. తేదీ మళ్ళీ తప్పకపోతేనే అది క్షమాపణ. జపాన్ ఉత్తరం మొదట మీరు మాపై చూపుతున్న ఆదరణకు కృతజ్ఞత అన్న మాటతో తెరుచుకుంది, ఇది వాళ్ళ వ్యాపారపు ఉత్తరాల్లో దాదాపు తప్పనిసరి పలకరింపు. ఆ తరువాత క్షమాపణ, ఆ తరువాత కారణం, మళ్ళీ అలా జరగకుండా ఏం చేశామన్నది, చివర మళ్ళీ క్షమాపణ. పొడుగు అమెరికా ఉత్తరానికి రెండింతలు. అబద్ధం మూడింటిలోనూ లేదు, రాయి ఒకటే, రంపం ఒకటే.

ఇంతవరకు చెప్పిందంతా మెట్టు ఎక్కడ అన్న సంగతి. దానికన్నా బలంగా తగిలేది మెట్టు మారడం. నువ్వు అనుకునే స్నేహితుడు ఒక రోజు మీరు అన్నాడంటే కోపం వచ్చిందని మనకు తెలుసు. భార్యాభర్తల మధ్య, అన్నదమ్ముల మధ్య ఆ ఒక్క మాట చాలు. బాకీ గుర్తు చేసే ఉత్తరాల్లో నేను దీన్ని ఎరిగే వాడతాను. మొదటి ఉత్తరం అలవాటైన పేరుతో, అలవాటైన కుదింపులతో, మీ దృష్టికి రాలేదేమో అన్నట్టు. రెండోది అదే పేరుతోనే, కానీ తేదీ, మొత్తం, బిల్లు సంఖ్య విప్పి ఉంటాయి. మూడో ఉత్తరంలోనే పేరు పోయి ఇంటిపేరు వస్తుంది, కుదింపులు పోతాయి. గొంతు ఒక్కసారి కూడా పెంచనక్కర్లేదు. ఆ మెట్టు దిగి మళ్ళీ పాత చనువుకు రావడం మాత్రం చాలా కష్టం, కనుక మూడో ఉత్తరం పంపే ముందు యజమానిని అడుగుతాను: ఈ మనిషితో మళ్ళీ వ్యాపారం చేయాలనుందా? చేయాలని ఉంటే ఉత్తరం ఆపి ఫోన్ చేయమంటాను.

మా ఆఫీసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టిన ఉత్తరం ఒకటి తెలుగులో రాసినది. క్వారీ పక్కన ఒక పెద్దాయన పొలంలో కొంత మేర మా రాతి వ్యర్థాలు పోసుకోవడానికి కౌలు మాట్లాడుకున్నారు. గడువు అయిపోతోంది, ఇంకో ఏడాదికి పొడిగించమని అడగాలి, రేటు కూడా పెంచి ఇస్తామని చెప్పాలి. ఆయనకు చూపు సరిగా లేదు. ఉత్తరం పైకి చదివి వినిపించేది డిగ్రీ చదువుతున్న మనవడు. అంటే చదివేది ఒకరు, వినేది ఇంకొకరు. 'ఇందుమూలముగా' అని మొదలుపెడితే మనవడికి కోర్టు నోటీసులా ఉంటుంది, తాతకు చెవిలోనే పడదు. మరీ మాట్లాడినట్టు రాస్తే, కంపెనీ కాగితం మీద కంపెనీ ముద్రతో వచ్చిన మాటకు విలువ లేనట్టు అనిపిస్తుంది. పైగా రేపు ఏదైనా తగాదా వస్తే అదే కాగితం పెద్దమనుషుల ముందుకు వెళ్తుంది.

పేరుకు గారు చేర్చి, నమస్కారంతో మొదలుపెట్టాం. పెద్దయ్యగారూ అని రాయాలా అని కాసేపు ఆగాను. యజమాని ఆయనను ఊళ్ళో కనబడితే అలాగే పిలుస్తాడు, కానీ కాగితం మీద ఆ వరస పెడితే బంధుత్వం చూపించి రేటు తగ్గించుకోవాలనుకుంటున్నారని మనవడికి అనిపించవచ్చు. పేరు, గారు చాలనుకున్నాం. క్రియలన్నీ పూర్తిగా రాశాను: ఇస్తాము, తీసుకుంటాము, శుభ్రం చేసి అప్పగిస్తాము. ఎకరాకు ఎంత, ఏ నెల ఏ తేదీకి అన్నది అంకెల్లోనూ అక్షరాల్లోనూ పెట్టాను, వినేవాళ్ళకు అక్షరాలే పనికొస్తాయి కనుక. వాక్యం ఒక ఊపిరిలో చదవగలిగినంతే ఉండాలని మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి పైకి చదివించాను. అతను రెండు చోట్ల తడబడ్డాడు. ఆ రెండు వాక్యాలనూ విడగొట్టి, మళ్ళీ చదివించి, అప్పుడు యజమాని సంతకానికి పంపించాను.